అప్‌డేట్: లోయర్ సర్క్యూట్‌లో తప్పుడు స్టాప్‌లాస్, కారణం దొరికింది

నా ప్రశ్న: “షేరు లోయర్ సర్క్యూట్ తాకగానే నా ప్రోగ్రామ్‌కు ధర సగానికి పడినట్టు ఎందుకు కనిపిస్తోంది?”

అందరికీ థాంక్స్. డెప్త్ చూడమన్న సలహాతోనే దొరికింది. ముందురోజు ముగింపు 200, బ్యాండ్ 5 శాతం, కాబట్టి కింది హద్దు 190. అక్కడ అమ్మేవాళ్లు బారులు తీరారు, కొనేవాళ్లు ఒక్కరూ లేరు. ఫీడ్‌లో బిడ్ 0 వచ్చింది. నా కోడ్ (0+190)/2 లెక్కేసి, ధర 95 అనుకుని స్టాప్‌లాస్ కొట్టేసింది.

```
mid = (bid + ask) / 2 if bid > 0 and ask > 0 else None
```

ఇప్పుడు `None` వస్తే చివరి ట్రేడ్ ధరనే చూస్తుంది. అమ్మాల్సి వస్తే 190కే లిమిట్ ఆర్డర్ పెట్టి క్యూలో ఉంటుంది. కొనేవాళ్లు రాకపోతే అది పూర్తి కాదు, దానికి కోడ్‌లో మందు లేదు.

నెట్ కనెక్షన్ మీద పెట్టుకున్న టెన్షన్ అనవసరం, ప్యాకెట్లు వస్తూనే ఉన్నాయి. పాత కోట్‌ను పట్టే టైమ్‌అవుట్ కూడా అందుకే ఇక్కడ పనిచేయలేదు. అయినా తీసేయలేదు: సూచీ 10 శాతం కదిలి మార్కెట్ మొత్తం ఆగిన రోజు అదే కావాలి.