‘సా త్రూ’కి ‘పరిశీలించాడు’ ఎందుకు తప్పు?

సుజాత (ఆమదాలవలస): ఎస్సెస్సీ సీజీఎల్‌కి చదువుతున్నాను. మాక్ టెస్టులో ఈ వాక్యం వచ్చింది: ‘ది ఆఫీసర్ సా త్రూ ది ట్రేడర్స్ ఎక్స్‌క్యూజెస్ ఎట్ వన్స్’. ‘సా త్రూ’కి అర్థం అడిగారు. ఆప్షన్లు ఇవి: క్షుణ్ణంగా పరిశీలించాడు, పట్టుబట్టి పూర్తిచేశాడు, బూటకమని పసిగట్టాడు, చూసీచూడనట్టు వదిలేశాడు. కీలో మూడోది ఇచ్చారు. నాకు మొదటిదే సరైనదనిపిస్తోంది. ఆఫీసరు చూశాడు కదా, పైగా ‘త్రూ’ అంటే పూర్తిగా అనేగా?

రమేష్ (విజయనగరం): ఫ్రేజల్ వెర్బ్ ప్రశ్నల్లో మాటకి మాట సరిపోయే ఆప్షన్‌ని ముందే కొట్టేయండి. అది మనకి వేసిన వల. మిగిలిన మూడింట్లో వెతుక్కుంటే చాలు. తప్పు జవాబుకి మార్కులు పోతాయి, టెన్షన్ పడి మాటల వెంట పోకండి.

సత్యనారాయణ మేష్టారు (శ్రీకాకుళం): రమేష్ బాబు చెప్పింది చాలాసార్లు పనిచేస్తుంది గానీ, కళ్లు మూసుకుని కొట్టేయకూడదు. ‘వుయ్ సా త్రూ ది గ్లాస్ డోర్’ అంటే గాజు తలుపులోంచి అవతలికి చూశామనే. అక్కడ మాటకి మాట అర్థమే జవాబు. మన ‘చేతులెత్తేశాడు’ కూడా అంతే కదా. తుపాకీ చూసి చేతులెత్తేస్తే నిజంగానే చేతులు పైకి లేస్తాయి, అప్పు తీర్చలేక చేతులెత్తేస్తే లేవవు. పక్కన ఏముందో చూసి తేల్చుకుంటాం.

అమ్మా సుజాతా, ఇక్కడ ‘త్రూ’ తర్వాత ఉన్నది సాకులు. సాకు, అబద్ధం, పొగడ్త, వేషం లాంటివి వస్తే వాటి వెనక దాగినదాన్ని కనిపెట్టడమని అర్థం. తర్వాత మనిషి వచ్చినా అంతే. ‘ఐ సా త్రూ హిమ్’ అంటే వాడి అసలు రంగు తెలుసుకున్నానని.

మిగతా మూడు ఆప్షన్లు ఎక్కడివో చూడు. ఫైలూ కాగితాలూ చూడడం ‘లుక్ త్రూ’. చూసీచూడనట్టు వదిలేయడం ‘ఓవర్‌లుక్’. పట్టుబట్టి పూర్తిచేయడం ‘సీ’కీ ‘త్రూ’కీ మధ్యలో పని పేరు పెట్టినప్పుడు వచ్చే అర్థం. అన్నీ ఇరుగుపొరుగు మాటల అర్థాలే, అందుకే ఎక్కడో విన్నట్టుండి నిజమనిపిస్తాయి. వాక్యం చివర ‘ఎట్ వన్స్’ ఉంది, అదీ వదలకు. క్షుణ్ణంగా పరిశీలించడానికి టైము పడుతుంది, బూటకాన్ని పసిగట్టడం క్షణంలో జరుగుతుంది.

లక్ష్మణ్ (పైడిభీమవరం): నాది పరీక్ష గొడవ కాదు మేష్టారూ. మందుల ఫ్యాక్టరీలో నైట్ షిఫ్టు. మా ఇన్‌ఛార్జి గ్రూపులో ‘ప్లీజ్ సీ దిస్ బ్యాచ్ త్రూ’ అని పెట్టారు. బ్యాచ్‌లో ఏదో మోసం ఉంది, కనిపెట్టమనా?

సత్యనారాయణ మేష్టారు: కాదయ్యా. బ్యాచ్ మధ్యలో ఉంది చూడు. అది ముగిసేదాకా దగ్గరుండి నడిపించమని. ‘ఇట్’ పెడితే తేడా ఇంకా తెలుస్తుంది. ‘సీ ఇట్ త్రూ’ అంటే చివరిదాకా నడిపించు. ‘సీ త్రూ ఇట్’ అంటే దాని బూటకాన్ని కనిపెట్టు. చోటు మారితే అర్థమే మారిపోతుంది.

లక్ష్మణ్: అయితే బ్యాచ్ దించేదాకా కదలకూడదన్నమాట. ఒకసారి చూసి రమ్మన్నారేమో అంటున్నాడు మావాడు.

రమేష్: మరి ‘దిస్ మనీ విల్ సీ హిమ్ త్రూ’ అని వస్తే? మనిషిని పూర్తిచేయడం కుదరదుగా.

సత్యనారాయణ మేష్టారు: బాగా అడిగావు. అక్కడ ‘గట్టెక్కిస్తుంది’ అని. కష్టకాలం దాటేదాకా ఆ డబ్బు సరిపోతుందని భావం. మధ్యలో పని ఉంటే పూర్తిచేయడం, మనిషి ఉంటే గట్టెక్కించడం.

సుజాత: ఇప్పుడు అర్థమైంది మేష్టారూ. కానీ నా దగ్గరున్న గైడులో ‘ది గవర్నమెంట్ సా త్రూ ది రిఫార్మ్స్’ అని ఇచ్చి, జవాబు ‘పూర్తిచేసింది’ అన్నారు. ‘రిఫార్మ్స్’ మధ్యలో లేదుగా?

సత్యనారాయణ మేష్టారు: అలా రాసేవాళ్లూ ఉన్నారు. సంస్కరణల్ని ఎవరూ సాకులు అనరు కాబట్టి పూర్తిచేయడమనే అర్థం తీసుకోవచ్చు. కానీ ప్రతిపక్షం గురించి చెబుతూ అదే మాట రాస్తే ‘బూటకమని పసిగట్టింది’ అని కూడా చదవచ్చు. నేనైతే అలాంటి వాక్యాన్ని ప్రశ్నగా పెట్టను. పరీక్షలో వస్తే ముందూ వెనకా ఏమైనా ఆధారం ఉందేమో చూడు.

రమేష్: ఆధారం లేకపోతే?

సత్యనారాయణ మేష్టారు: ఆప్షన్లలో ఆ రెండర్థాలూ ఉన్నాయో లేదో చూడు. ఒకటే ఉంటే అదే పెట్టు. రెండూ ఉంటే నేనైతే వదిలేస్తాను, వేరేవాళ్లు ఏమంటారో చూద్దాం.

సుజాత: ఆ గైడులో రెండూ ఉన్నాయి మేష్టారూ. పేజీ ఫొటో పెడుతున్నాను.