గొబ్బెమ్మలు అడిగితే ఏదో ముఖం వస్తోంది, తెలుగు ప్రాంప్ట్‌కి దారేమైనా ఉందా?

నా కంప్యూటర్‌లో, రాసిన మాటల్ని CLIP ఎన్‌కోడర్‌తో చదివి బొమ్మ గీసే పాత మోడల్ ఒకటి వాడుతున్నాను. "వాకిట్లో సంక్రాంతి ముగ్గు, మధ్యలో పసుపు కుంకుమలు పెట్టిన గొబ్బెమ్మలు, పైన గుమ్మడి పువ్వు" అని ఇస్తే చీర కట్టిన ఎవరో అమ్మాయి ముఖం వచ్చింది. ముగ్గు ఊసే లేదు. పైగా ప్రాంప్ట్ 77 టోకెన్లు, అంటే మోడల్ చదివే మాట ముక్కలు, దాటింది, చివర కోసేశామని హెచ్చరిక.

పదకొండు పదాలకే ఎందుకు దాటిందా అని చూశాను. తెలుగులో ఒక్కో అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ, పొల్లుకీ మూడేసి బైట్లు. "ముగ్గు" ఒక్కటే 18 బైట్లు. ఇంగ్లిష్ వాడుక మాటలు చాలావరకు ఒక్కో టోకెన్‌లో ఇమిడిపోతాయి, మనవి ముక్కలైపోతాయి. ఆ ముక్కల్ని బొమ్మలతో కలిపి నేర్చుకున్నదీ తక్కువే, ఎందుకంటే CLIP శిక్షణ దాదాపు అంతా ఇంగ్లిష్ వివరణలతోనే.

సరే, ఇంగ్లిష్‌లో "cow dung balls with flowers" అన్నాను. ముగ్గు లేకుండా చాక్లెట్ లడ్డూల్లాంటివి వచ్చాయి! అనువదించినా గొబ్బెమ్మ దానికి తెలియదన్నమాట.

తెలుగు తెలిసిన బహుభాషా ఎన్‌కోడర్‌ని ఈ మోడల్‌కే తగిలించిన వాళ్లున్నారా? లేక నా దగ్గరున్న ముప్పై ఫొటోలతో మోడల్‌కి LoRA అనే చిన్న అదనపు శిక్షణ ఇచ్చుకోవడమే నయమా? చేస్తే, ఫొటోల కింద వివరణ ఇంగ్లిష్ లిపిలో "gobbemma" అని రాయాలా?