పాప బీటెక్ డబ్బు, మా రిటైర్మెంట్ డబ్బు విడివిడిగా పెట్టాలా, అంతా ఒకటేనా?

బ్రాడీపేట శారద

మంగళగిరి దగ్గర స్థలం అమ్మితే పన్ను పోను 22 లక్షలు చేతికొచ్చాయి. పెద్దాడికి వచ్చే జూన్‌లో ఇంటర్, హాస్టల్‌తో కలిపి 2 లక్షలు కావాలి. పాప ఈ జూన్‌లోనే ఎనిమిదిలో చేరింది, ఐదేళ్లకు బీటెక్. మిగతాది మా రిటైర్మెంట్‌కి, దానికి ఇరవై ఏళ్లుంది. మూడు బకెట్లుగా విడదీద్దామని నేను. "డబ్బుకి పేర్లేంటి, నలభై శాతం ఇండెక్స్ ఫండ్లో, అరవై శాతం ఎఫ్‌డీలో పడేస్తే అయిపోతుంది" అని మా వారు. ఎవరిది కరెక్టు?

యార్డు గుమస్తా

మూడు ఖాతాలు వద్దమ్మా. నాకు నాలుగు బ్యాంకుల్లో ఉన్నాయి. ఒకదాంట్లో మినిమమ్ బ్యాలెన్స్ లేదని కోస్తారు, ఇంకోదాంట్లో కేవైసీ అంటారు. మిర్చి సీజన్లో ఊపిరాడని టైములో ఆ పాస్‌బుక్కులు పట్టుకుని తిరగడమే సరిపోయింది. ఒక్క ఖాతా చాలు.

కృష్ణలంక కార్తీక్

గుమస్తా గారూ, ఆవిడ అడిగింది ఖాతాల గురించి కాదండీ.

శారద గారూ, నా ఓటు మీ వారికే. మూడు బకెట్లు వేసినా చివరికి కూడితే ఇంత షేర్లలో, ఇంత ఎఫ్‌డీలో అనే ఒక నిష్పత్తే వస్తుంది. ఆ నిష్పత్తి ముందే పెట్టుకుని, ఏడాదికోసారి సరిచేసుకుంటే చాలు. పైగా మార్కెట్లో ఐదేళ్లు కూర్చున్నవాడు ఎప్పుడూ నష్టపోలేదు. పాప డబ్బుని ఎఫ్‌డీలో పెట్టి 7 శాతానికి కట్టేయడం వేస్టు.

పటమట రిటైర్డ్ క్యాషియర్

కార్తీక్ బాబూ, మొదటి మాట నిజం, రెండోది కాదు. నిఫ్టీ 2008 జనవరిలో 6,300 దాటింది. ఆ అక్టోబరుకల్లా సగం కన్నా ఎక్కువ పోయింది. 2010 నవంబరులో పాత గీత దాకా వచ్చి ఊరించి, 2011 డిసెంబరుకి 4,600 దగ్గరకి దిగింది. మళ్లీ ఆ గీత దాటి నిలబడేసరికి 2013 చివరయింది. 2008 జనవరిలో కూతురి ఫీజు అందులో పెట్టినవాడికి, డివిడెండ్లు పక్కన పెడితే, ఐదేళ్ల తర్వాత అసలు కూడా పూర్తిగా లేదు. కౌన్సెలింగ్ తేదీ అతని కోసం ఆగదు కదా.

శారదమ్మా, ముందు మీ లెక్కలో రెండు చోట్ల తేడా ఉంది. ఇల్లు ఆరు నెలలు నడవడానికి పక్కన ఎంత పెట్టారో రాయలేదు. పెద్దాడి రెండో ఏడు, ఆ పై చదువు ఎక్కడినుంచి వస్తాయో కూడా రాయలేదు.

బ్రాడీపేట శారద

పెద్దాడి చదువు జీతంలోంచే అనుకున్నామండీ. మా వారిది విజయవాడలో ప్రైవేటు ఉద్యోగం. మాకు నెలకి 50 వేలు ఖర్చవుతుంది, పక్కన పెట్టిందేమీ లేదు. పాపకైతే ఏడాదికి 2 లక్షల చొప్పున నాలుగేళ్లకి 8 లక్షలు అనుకున్నాను.

పటమట రిటైర్డ్ క్యాషియర్

అయితే జీతం ఆగితే పెద్దాడి చదువూ ఆగుతుంది. అందుకే ఆరు నెలల ఖర్చు 3 లక్షలు, వచ్చే జూన్ 2 లక్షలు కలిపి 5 లక్షలు ఏడాది బకెట్లో ఉండాలి.

ఇక పాపది. మీరు దాన్ని ఐదేళ్ల డబ్బు అంటున్నారు గానీ, అది ఒక తేదీ కాదు, నాలుగు తేదీలు. ఫీజు ఐదో ఏడు, ఆరో ఏడు, ఏడో ఏడు, ఎనిమిదో ఏడు కట్టాలి. పైగా ఈనాటి 2 లక్షలు అప్పటికి 2 లక్షలుగా ఉండవు. ఫీజు, హాస్టలు కలిపి ఏటా 8 శాతం పెరుగుతాయని నేను పట్టుకున్నాను. అలా అయితే మొదటి ఏడు 2.94 లక్షలు, చివరి ఏడు 3.70 లక్షలు, నాలుగూ కలిపి 13.24 లక్షలు. ఎఫ్‌డీ మీద పన్ను పోను 6 శాతం మిగిలితే, అంత అవ్వడానికి ఈ రోజు 9 లక్షలు పెట్టాలి. మీరనుకున్న 8 పెడితే ఆఖరి ఏడాదిలో దాదాపు లక్షన్నర తక్కువ పడుతుంది. బకెట్లు వేసేవాళ్లు ఎక్కువగా ఇక్కడే దెబ్బతింటారు. ఈనాటి ధర రాసుకుని నిశ్చింతగా ఉంటారు.

ఐదు, తొమ్మిది పోతే 8 లక్షలు మిగిలాయి. అది ఇరవై ఏళ్లది, ఇండెక్స్ ఫండ్లోకి పోవచ్చు.

కృష్ణలంక కార్తీక్

చూశారా! 22లో 8 అంటే 36 శాతం. వాళ్లాయన చెప్పింది 40. ఈ నాలుగు శాతం కోసమా ఇంత గొడవ?

పటమట రిటైర్డ్ క్యాషియర్

ఈ రోజుకి తేడా లేదు. మార్కెట్ పడిన రోజు చూడు.

ఆయన పద్ధతిలో 8.8 లక్షలు ఫండ్లో, 13.2 లక్షలు ఎఫ్‌డీలో ఉంటాయి. ఫండ్ సగానికి పడిందనుకో, అది 4.4 అవుతుంది, మొత్తం 17.6. నలభై శాతం నిలబెట్టాలంటే ఫండ్లో 7.04 ఉండాలి. అంటే ఎఫ్‌డీల్లోంచి 2.64 లక్షలు తీసి షేర్లు కొనాలి. ఆ 2.64 ఎవరిది? ఆరు నెలల ఖర్చుదా, పాప మొదటి ఏడాదిదా? నిష్పత్తికి అది తెలియదు. కొన్నాక మార్కెట్ ఇంకో రెండేళ్లు లేవకపోతే ఫీజు కట్టడానికి అదే నష్టానికి అమ్మాలి. బకెట్లలో ఆ దారే మూసేసి ఉంటుంది. రిటైర్మెంట్ 8 లక్షలు 4 అయినా పాప 9 అలాగే ఉంటుంది.

ఇంకోటి. ఫీజులు కట్టేకొద్దీ ఎఫ్‌డీలు కరిగిపోతాయి. ఎనిమిదేళ్ల తర్వాత మిగిలేది ఎక్కువగా ఫండే. అప్పుడు నలభై శాతం పట్టుకుని కూర్చుంటే, ఇంకా పన్నెండేళ్ల టైమున్న డబ్బుని తీసి ఎఫ్‌డీలో పోయాలి. దానికి కారణం ఏమీ ఉండదు.

కొత్తపేట మెడికల్ షాపు

నేను బకెట్లు వేసి చేతులు కాల్చుకున్నవాణ్ణి, నా గోల కూడా వినండి. ఏడాదిలో షాపు మార్చాలి, అడ్వాన్సు 3 లక్షలు కావాలని విడిగా తీసి పెట్టాను. పన్ను కూడా కలిసొస్తుందని ఎవరో అంటే, నా పేర లక్షన్నర, మా ఆవిడ పేర లక్షన్నర పన్ను మినహాయింపు ఎఫ్‌డీలో వేశాను. రసీదు మీద ఐదేళ్లు అని ఉంది. మామూలు ఎఫ్‌డీలాగే కొద్దిగా పెనాల్టీ కట్టి తీసేసుకోవచ్చనుకున్నా. అది మధ్యలో తీయడం కుదరదట, దాని మీద లోనూ ఇవ్వరట. చివరికి మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టి 10 శాతం వడ్డీకి తెచ్చాను. అటు 7 వస్తుంది, ఇటు 10 పోతుంది, ఏడాదికి 9 వేలు నా తెలివితక్కువ ఖరీదు. బకెట్ పేరు ఒక ఏడాది, లోపలున్న సరుకు ఐదేళ్లది.

కృష్ణలంక కార్తీక్

అన్నయ్యా, నేను చెప్పేదీ అదే. పేర్లు పెట్టుకున్నాక "అది పాపది, ముట్టుకోకూడదు" అని పక్కనే 10 శాతం అప్పు మోసేవాళ్లు మా వీధిలోనే ముగ్గురున్నారు. డబ్బంతా ఒకటే అనుకునేవాడు ముందు ఆ అప్పు తీరుస్తాడు.

పటమట రిటైర్డ్ క్యాషియర్

అది ఒప్పుకుంటా. ఖరీదైన అప్పు ఉంటే ముందు అదే తీర్చాలి. ఒక్క ఏడాది బకెట్‌ని మాత్రం పూర్తిగా ఖాళీ చేయొద్దు, మళ్లీ తాకట్టుకే పోవాల్సొస్తుంది. కౌంటర్లో నేను చూసిందాంట్లో ఎక్కువ మంది ఇరుక్కునేది పెద్ద మొత్తాన్ని ఒక్క ఎఫ్‌డీగా వేయడం వల్లే. 5 లక్షల రసీదు ఒకటుంటే 60 వేలు కావాల్సొచ్చినా మొత్తం విరగ్గొట్టమంటారు. అప్పుడు ఒప్పుకున్న వడ్డీ రాదు. ఉంచిన కాలానికి ఉండే వడ్డీలోంచి మళ్లీ పెనాల్టీ, చాలా చోట్ల అర నుంచి ఒక శాతం, కోస్తారు. అదే లక్ష చొప్పున ఐదు రసీదులుంటే ఒక్కటి విరుగుతుంది. లేదా మామూలు ఎఫ్‌డీ మీద లోను తీసుకోవచ్చు, దాని వడ్డీ ఎఫ్‌డీ వడ్డీ కన్నా ఒకటి రెండు శాతమే ఎక్కువుంటుంది. తాకట్టు కన్నా నయం.

శారదమ్మా, పాప డబ్బు నాలుగు భాగాలుగా వేయండి. ఐదో ఏడు, ఆరో ఏడు, అలా ప్రతి మే నెలలో ఒక భాగం చేతికొచ్చేలా. ఫారం మీద ఆటో రెన్యువల్ గడి దగ్గర జాగ్రత్త. దానికి టిక్ ఉంటే మీరు చూసేలోపు మళ్లీ అదే కాలానికి తిరగేసి వేస్తారు, జూన్‌లో విరగ్గొట్టుకోవాలి. వడ్డీ చివర్లో వచ్చినా పన్ను మాత్రం ఏటా లెక్కకొస్తుంది, అందుకే నేను 7కి బదులు 6 పట్టాను.

యార్డు గుమస్తా

మధ్య బకెట్‌కి చీటీ వేస్తే? ఐదేళ్ల చీటీలో చివరిదాకా పాడకుండా ఉంటే ఎఫ్‌డీ కన్నా ఎక్కువే వస్తుంది కదా.

పటమట రిటైర్డ్ క్యాషియర్

రావచ్చు. కానీ ఎంతొస్తుందో మిగతావాళ్లు పాటలో ఎంత తగ్గించుకున్నారన్న దాన్నిబట్టి ఉంటుంది, ముందే చెప్పలేం. రిజిస్టర్ కాని చీటీ అయితే చివరిదాకా ఆగినవాడే అందరికన్నా ఎక్కువ రిస్కులో ఉంటాడు, అతని డబ్బంతా లోపలే ఉంటుంది కాబట్టి. తేదీ ఉన్న ఫీజుకి నేను చెప్పను.

కృష్ణలంక కార్తీక్

ఒక్కటి మాత్రం నేను వదలను. పాప మూడో ఏడు, నాలుగో ఏడు ఫీజు డబ్బు ఇప్పట్నించి ఏడెనిమిదేళ్లకి కావాలి. ఆ రెండు భాగాలకి మీ లెక్కలోనే 4.6 లక్షలు. దాంట్లో సగం ఇండెక్స్ ఫండ్లో పెట్టి, ఫీజుకి మూడేళ్ల ముందు నుంచి ఏటా ఏప్రిల్‌లో కొంచెం కొంచెం ఎఫ్‌డీలోకి మార్చుకోకూడదా? ఏడాదికి లక్షా పాతిక వేల లాభం దాకా పన్నూ లేదు. మూడు ముక్కలుగా తీస్తే ఆ మినహాయింపు మూడుసార్లు వాడుకోవచ్చు.

పటమట రిటైర్డ్ క్యాషియర్

పన్ను లెక్క బాగుంది. కానీ ఆ "కొంచెం కొంచెం" మార్చడం చేసేవాణ్ణి నేను పెద్దగా చూడలేదు. మార్కెట్ పెరుగుతుంటే ఇంకో ఏడాది ఉంచుదాం అంటారు, పడితే లేచాక తీద్దాం అంటారు. ఈలోపు ఐదేళ్ల డబ్బు ఏడాది డబ్బయిపోతుంది, ఎవరూ గమనించరు. నువ్వు చేస్తావేమో. శారదమ్మా, మీ వారు చేస్తారా?

బ్రాడీపేట శారద

ఆయనకి ఇదంతా చదివి వినిపించాను. 2.64 లక్షలు పాపవి తీసి షేర్లు కొనాలన్న దగ్గర కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఏడాది డబ్బుకి లక్ష చొప్పున ఐదు రసీదులు, పాపకి నాలుగు భాగాలు అన్నదానికి ఒప్పుకున్నారు. కానీ నాలుగో ఏడాది భాగం, 2.3 లక్షలు, ఫండ్లోనే ఉండాలట, ఏప్రిల్ ఏప్రిల్‌కి మార్చే పూచీ తనదట. క్యాలెండర్ మీద ఇప్పుడే రాసుకున్నారు, ఐదేళ్ల తర్వాతి ఏప్రిల్‌కి ఈ ఏడాది క్యాలెండర్ మీద! సోమవారం బ్యాంకుకి వెళ్తున్నాం.

పటమట రిటైర్డ్ క్యాషియర్

రసీదుల వెనక పెన్సిల్‌తో ఏ ఏడాది ఫీజో రాసి పెట్టండి. పాపవి మూడూ ఒకేలా ఉంటాయి, మే నెలలో బీరువా ముందు వెతుక్కోకుండా.

యార్డు గుమస్తా

ఇంతకీ ఖాతా ఒకటా, మూడా?