పెళ్లి సంబంధాల సంస్థకి పేరు: అమ్మలకీ నచ్చాలి, పిల్లలకీ నచ్చాలి. ఏం పెట్టమంటారు?

తెనాలి సుధ: మా పెద్దమ్మ 20 ఏళ్లు నడిపిన మ్యారేజ్ బ్యూరో నా చేతికొచ్చింది. పేరు మారుద్దామని ఉంది. పెద్దవాళ్లకి మర్యాదగా వినిపించాలి, పిల్లలు నామోషీ పడకూడదు. "మనువు", "జోడు", "వియ్యం" అనుకున్నా. ఏది బాగుంటుంది?

బోర్డుల రమణ: జోడు వద్దమ్మా. బోర్డు మీద అంతలావు అక్షరాలతో "జోడు" అని రాసి ఇస్తే, దారినపోయేవాళ్లు చెప్పుల కొట్టు అనుకుని లోపలికొస్తారు.

నిడదవోలు శ్రీ: నేను పదేళ్లుగా చిన్న వ్యాపారాలకి పేర్లు పెట్టే పనిలో ఉన్నాను. మనువు మంచి మాటే, కానీ దానికి రెండు నీడలున్నాయి. వినగానే సగంమందికి మారుమనువు గుర్తొస్తుంది, మిగతా సగానికి మనుస్మృతి మనువు. ఈ రెండోది యూనివర్సిటీలో చదివిన అమ్మాయికి పంపి చూడండి, సంబంధం సంగతి పక్కనపెట్టి మీతో వాదనకి దిగుతుంది. ఇక వియ్యం అంటే రెండు వైపుల పెద్దవాళ్ల మధ్య కుదిరేది, అందులో అబ్బాయీ అమ్మాయీ లేరు. అమ్మలకి చాలా నచ్చుతుంది, పిల్లలకి మాత్రం "మా గురించి కాదు కదా" అనిపిస్తుంది.

నేనైతే పేరుని కాగితం మీద చూసి తేల్చను. రెండు మాటల్లో పెట్టి వింటాను. ఒకటి, మీరు ఎవరింటికో ఫోన్ చేసి "ఫలానా నుంచి మాట్లాడుతున్నామండీ" అనడం. రెండోది, ఆఫీసులో టేబుల్ మీదున్న ఫోన్‌లో ఆ పేరుతో మెసేజ్ వెలగడం, పక్క సీటు అబ్బాయి చూడటం. రెండుచోట్లా ఇబ్బంది లేకపోతే పనికొస్తుంది.

వరంగల్ వేణు: అన్నా, కల్యాణ అనే మాటతో ఏదన్న పెడితె సరిపోదా? అందరికీ తెలిసిన మాట.

నిడదవోలు శ్రీ: మీ దగ్గరే ఇబ్బంది వేణుగారూ. 2014 నుంచి కల్యాణలక్ష్మి ఉంది కదా, ఆ చెక్కు ఎప్పుడొస్తుందని మీకు ఫోన్లొస్తాయి. పైగా కల్యాణం సరైన రూపం, జనం రాసేది ఎక్కువగా కళ్యాణం. తెలుగులో వెతికితే ఒకటి రాస్తే రెండోది దొరక్కపోవచ్చు. పెళ్లి, పెళ్ళి కూడా అంతే. కంటికి ఒకేలా కనిపించినా కింద ఒత్తు వేరు.

వరంగల్ వేణు: మాకైతే అది పెండ్లి. ముసలోళ్లు లగ్గం అంటరు. ఇంక మీ పెళ్లి బోర్డు చూసి "ఆంధ్రోళ్ల బ్యూరో" అంటరు, అది గుడ చూసుకోరి.

కిరణ్_సీఏ_ఇంటర్: ఎందుకింత చర్చ? కంపెనీ రిజిస్టర్ చేయించేస్తే పేరు మీదే, ఇంకెవరూ వాడలేరు.

నిడదవోలు శ్రీ: అక్కడే చాలామంది దెబ్బతింటారు కిరణ్. కంపెనీ నమోదు వేరు, ట్రేడ్‌మార్క్ వేరు. పెళ్లిసంబంధాల సేవ 45వ తరగతిలోకి వస్తుంది, ఒక్క మనిషి పేరున ఆన్‌లైన్‌లో అయితే ఫీజు 4,500 రూపాయలు. కానీ "పెళ్లి సంబంధాలు" లాంటి పేరు పెడితే సెక్షన్ 9 అడ్డొస్తుంది. చేసే పనినే చెప్పే మాట ఒక్కరి సొత్తు కాదు కదా. అందుకే పేరు పొట్టిగా, కాస్త వేరుగా ఉంచి, దాని కింద చిన్న అక్షరాల్లో "పెళ్లి సంబంధాలు" అని విడిగా రాస్తే మంచిది. ఏం సంస్థో అమ్మకి ఆ కింది వరసే చెప్తుంది. పిల్లల ఫోన్‌లో పైమాట ఒక్కటే కనిపిస్తుంది. ఏ పేరైనా సరే, అది ఇంకెవరికైనా ఉందేమో బోర్డు రాయించే ముందే వెతుక్కోవాలి.

పద్మక్క_కాకినాడ: ఇంతకీ ఫీజు ముందే తీసుకుంటారా, సంబంధం కుదిరాకా? మా అబ్బాయికి 31. ఒకచోట ముందే కట్టించుకుని మూడు ఫోటోలు పంపి ఊరుకున్నారు. పేరు మాత్రం బ్రహ్మాండంగా ఉంది.

తెనాలి సుధ: కుదిరాకే అక్కా, పెద్దమ్మ పద్ధతి అదే.

రెండోసారి: మారుమనువు అంటే నీడ పడినట్టు రాశారు శ్రీగారు. నాది మారుమనువే, బ్యూరో ద్వారానే కుదిరింది. ఆ మాట వింటే జనం జంకుతారని పేరే మార్చుకోవాలా? మాలాంటి వాళ్లకి తలుపు తీసే ఉందని ఆ పేరు చెప్తే తప్పేంటి?

నిడదవోలు శ్రీ: తప్పు లేదు, నేను రాసిన తీరే బాలేదు. వాళ్ల కోసమే నడిపే సంస్థ అయితే మనువు నిజంగా బాగుంటుంది. సుధగారి దగ్గరికి ఎవరు ఎక్కువ వస్తారో ఆవిడే చెప్పాలి.

తెనాలి సుధ: మొదటి పెళ్లివాళ్లే ఎక్కువ, కానీ ఈమధ్య రెండోవాళ్లూ వస్తున్నారు. ఆ సంగతి ఇంకా ఆలోచించాలి. శ్రీగారు చెప్పిన ఫోన్ పరీక్ష మాత్రం పొద్దున చేశాను. పాత పుస్తకంలోంచి ఒకావిడకి ఫోన్ చేసి "వియ్యం నుంచి మాట్లాడుతున్నానండీ" అన్నా. "బియ్యం మొన్ననే తెచ్చుకున్నాం, వద్దమ్మా" అని పెట్టేశారు.

బోర్డుల రమణ: 😂 ఏడడుగులు ఎలా ఉంటుందమ్మా? అందులో ఇద్దరూ నడుస్తారు.

తెనాలి సుధ: బాగుంది బాబాయ్! కానీ ఇంగ్లీషులో edadugulu అనా, yedadugulu అనా?

కిరణ్_సీఏ_ఇంటర్: 7adugulu.

బోర్డుల రమణ: బోర్డు మీద అంకె వేస్తే అడుగుల లెక్కన అమ్మే ఇళ్లస్థలాల ఆఫీసులా ఉంటుంది. అక్షరాలే రాస్తా.