ఇంటర్వ్యూ మెయిల్‌లో రెండు అడ్రసులు: రెండో రిప్లై ఎలా రాయాలి?

శుక్రవారం ఉదయం 9:30కి ఇంటర్వ్యూ. మెయిల్‌లో ముత్తుకూరు దగ్గరి ప్లాంట్ అని ఉంది, జతచేసిన కాల్ లెటర్‌లో మాత్రం నెల్లూరు టౌన్ ఆఫీసు అడ్రసు ఉంది. నేను కావలి నుంచి రావాలి. నెల్లూరులో దిగాక ప్లాంటుకి ఇంకో ఇరవై కిలోమీటర్లు ఉంటుంది కాబట్టి, తప్పు చోటికి వెళితే 9:30 దాటిపోయినట్టే.

సోమవారం సాయంత్రం మెయిల్ రాగానే రిప్లై కొట్టాను. అది noreply అడ్రసు, వెంటనే తిరిగొచ్చేసింది. మంగళవారం ఉదయం కాల్ లెటర్ కింద ఉన్న హెచ్ఆర్ ఐడీకి, సబ్జెక్టులో రిఫరెన్స్ నంబరు పెట్టి, "వస్తున్నాను, వేదిక ఏదో చెప్పగలరు" అని రాశాను. ఆటోమేటిక్ జవాబు తప్ప ఏమీ రాలేదు. ల్యాండ్‌లైన్‌కి 11 గంటలకి, 3 గంటలకి చేశాను, ఎవరూ ఎత్తలేదు. ఈరోజు బుధవారం.

ఇంకో రెండు విషయాలూ తేలాలి. గేటు దగ్గర ఎవరి పేరు చెప్పాలో ఎక్కడా లేదు. పేరు లేకపోతే సెక్యూరిటీ వాళ్ళు లోపలికి పంపరు. ఒరిజినల్స్, ఒక సెట్ జిరాక్స్ తెమ్మన్నారు, నా దగ్గర డిగ్రీకి ప్రొవిజనల్ మాత్రమే ఉంది.

మంగళవారం హెచ్ఆర్‌కి పంపిన మెయిల్ కిందే ఇలా రాద్దామనుకుంటున్నాను:

"శుక్రవారం 9:30కి ముత్తుకూరు ప్లాంటుకి వస్తాను. టౌన్ ఆఫీసుకి రావాలంటే గురువారం సాయంత్రం 5 లోపు తెలపండి. గేటు దగ్గర ఎవరిని అడగాలి? డిగ్రీకి ప్రొవిజనల్ సరిపోతుందా?"

హెచ్ఆర్‌లో పనిచేసినవాళ్ళు చెప్పండి: ఇలా ఒక చోటు నేనే ఖాయం చేసి రాయడం మంచిదా, లేక రెండు అడ్రసులూ పెట్టి ఏది అని మళ్ళీ అడగడమే మంచిదా?