రోజుకు 200 సిట్‌అప్స్ కొడుతున్నా బొజ్జ ఎందుకు కదలడం లేదు?

మిల్లు గుమస్తా (మిర్యాలగూడ): రైస్‌మిల్లులో లెక్కలు రాస్తాను. పొద్దుటి నుంచి రాత్రి దాకా కుర్చీయే. వయసు 41. రెండు నెలలుగా రోజూ 200 సిట్‌అప్స్ కొడుతున్నాను, సాయంత్రం మిర్చి బజ్జీలు మానేశాను. బరువు 84 నుంచి 82కి వచ్చింది. నడుము 101 సెంటీమీటర్లు ఉండేది, ఇప్పుడు 100. చొక్కా కాలర్ మాత్రం వదులైంది. నాకు తగ్గాల్సింది మెడ కాదు కదా! ఏం తప్పు చేస్తున్నాను?

ఐరన్ తమ్ముడు (నల్లగొండ): అన్నా, 200 చాలవు, 400 చెయ్యి. ఏ కండ పనిచేస్తే దాని పక్క కొవ్వు కరుగుతుంది, రక్తం అక్కడికే ఎక్కువ పోతుంది కాబట్టి. చెమట బెల్టు కూడా కట్టు. నేను ఒక్కరోజే అర కిలో తగ్గాను.

రిటైర్డ్ పీఈటీ (మహబూబ్‌నగర్): తమ్ముడూ, ఆ అర కిలో నీళ్లు. రెండు చెంబులు తాగి మళ్లీ తూకం వేసుకో, వచ్చేస్తుంది.

రక్తం సంగతి మాత్రం పూర్తిగా అబద్ధం కాదు. 2007లో డెన్మార్క్‌లో ఒక్క కాలితోనే వ్యాయామం చేయించి చూస్తే, పనిచేసే కండ పక్కనున్న కొవ్వుకు రక్తం ఎక్కువగా అందింది, కొవ్వు కాస్త ఎక్కువగా విడుదలైంది. కానీ అది టేపుకు దొరికేంత కాదు. విడుదలైన కొవ్వు పక్క కండలోకి నేరుగా దూకదు, రక్తంలో కలుస్తుంది. మిల్లు అన్నకు నేను చెప్పాలా? మీ మిల్లుకు వడ్లు గోడ పక్క పొలం నుంచే వస్తాయా? ఎక్కడెక్కడివో వస్తాయి. పొట్ట కండకు కావాల్సిన కొవ్వు కూడా అంతే, మెడ నుంచి, వీపు నుంచి, తొడ నుంచి వస్తుంది. మీ కాలర్ వదులైంది అందుకే.

1984లో అమెరికాలో కొందరు మగవాళ్లతో 27 రోజులు సిట్‌అప్స్ చేయించి, ముందూ తర్వాతా పొట్ట, వీపు, పిరుదుల దగ్గర సూదితో కొవ్వు తీసి చూశారు. మూడు చోట్లా కొవ్వు కణాలు దాదాపు ఒకేలా చిన్నవయ్యాయి. పొట్టకు ప్రత్యేక లాభం కనబడలేదు.

మిల్లు గుమస్తా: అంటే ఇన్నాళ్లూ వృథాయేనా సార్?

రిటైర్డ్ పీఈటీ: వృథా ఎందుకు, పొట్ట కండ గట్టిపడింది. కాకపోతే పైన దుప్పటి కప్పి ఉంది. లెక్క వేసుకోండి. 200 సిట్‌అప్స్‌కు పది నిమిషాలు అనుకుంటే 60, 70 కేలరీలు పోతాయేమో. ఒక కిలో కొవ్వు పోవాలంటే సుమారు 7,700 కావాలి. అంటే వాటితో మాత్రమే కిలో తగ్గడానికి 110 రోజులు దాటుతుంది, ఆ కిలో కూడా ఒళ్లంతా పంచుకుని పోతుంది. మీ రెండు కిలోలు బజ్జీలు మానడం వల్లే పోయాయని నా అనుమానం.

దేవరకొండ అక్క: నాకూ ఇదే బాధ, రెండో కాన్పు తర్వాత. లేస్తుంటే పొట్ట మధ్యలో గుడారంలా లేస్తుంది. సిట్‌అప్స్ చేస్తే ఇంకా ఉబ్బుతోంది. తొడలైతే అసలే తగ్గవు, మొహం మాత్రం పీక్కుపోయింది.

రిటైర్డ్ పీఈటీ: అమ్మా, మీది వేరే సంగతిలా ఉంది. కాన్పులో పొట్ట కండలు రెండు వైపులా విడిపోయి ఉండొచ్చు. సిట్‌అప్స్ ఆపి, ముందు ఫిజియోథెరపిస్ట్‌కు చూపించండి. ఇక తొడలంటారా, ఆడవాళ్లలో అక్కడి కొవ్వు హార్మోన్ల పిలుపుకు తొందరగా స్పందించదు. ఏది ముందు పోవాలి, ఏది చివర పోవాలి అన్నది చాలావరకు పుట్టుకతోనే వస్తుంది.

పాలమూరు బాబాయ్: పొట్ట అంటే గ్యాస్ బాబూ. వాము నీళ్లు తాగితే పోతుంది.

ఐరన్ తమ్ముడు: బాబాయ్, వాళ్లు కొవ్వు గురించి మాట్లాడుతున్నారు! సరే సార్, బెల్టు వదిలేస్తాను. కానీ నా క్లయింట్లలో కొందరికి నడుము నిజంగా తగ్గింది, అదేంటి?

రిటైర్డ్ పీఈటీ: వాళ్లు తిండి మార్చారా, నడక మొదలుపెట్టారా, అడిగావా? ఒకోసారి కడుపు ఉబ్బరం తగ్గినా, నిలబడే తీరు మారినా టేపు తేడా చూపిస్తుంది.

మిల్లు గుమస్తా (మూడు నెలల తర్వాత): మళ్లీ వచ్చాను. సిట్‌అప్స్ 30కి తగ్గించి, పొద్దున 45 నిమిషాలు నడుస్తున్నాను. రాత్రి అన్నం సగం చేశాను, పప్పు, కూర పెంచాను. బరువు 78, నడుము 94. ఏ రోజు కొలిచినా పొద్దున లేవగానే, ఊపిరి వదిలి, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యలోనే టేపు పెడుతున్నాను. బొజ్జ పోలేదు, చిన్నదైంది. మా ఆవిడ మొహం చూసి జబ్బు చేసిందా అంటోంది, బొడ్డు కింద ముడత మాత్రం కదలనంటోంది.

దేవరకొండ అక్క: ఫిజియో దగ్గరకు వెళ్లాను, రెండు వేళ్ల ఎడం ఉందట. తొడల సంగతి ఎవరూ తేల్చలేదు మరి.