ఖాళీ క్రేట్లకు మిల్క్ రన్ మేలా, పొదిలిలో హబ్ పెట్టాలా?

ఒంగోలు_ఏజెన్సీ: మాది గాజు సీసాల కూల్‌డ్రింక్ ఏజెన్సీ. ఒంగోలులో లోడెత్తి చీమకుర్తి, పొదిలి, కనిగిరి, పామూరు, కందుకూరు, సింగరాయకొండ చుట్టి ఒకే బండి ఖాళీలతో తిరిగొస్తుంది. 22 కొట్లు. కందుకూరు చేరేసరికి చీకటి పడుతోంది. పొదిలిలో గోడౌన్ తీసుకుని చిన్న బండ్లు పెట్టమని తమ్ముడు అంటున్నాడు. ఏది మేలు?

దర్శి_డ్రైవర్: హబ్ వద్దన్నా. ఒక బండి, ఒక డ్రైవరు, ఒక డీజిల్ ఖర్చు. మూడు బండ్లు పెడితే డీజిల్ మూడింతలు. నేను పదేళ్ళుగా తోలుతున్నా, కిలోమీటరే ఖర్చు, ఇంకేం లేదు.

పాలకేంద్రం_కనిగిరి: మిల్క్ రన్ కావాలంటే మా రూట్ బండి పొద్దున్నే ఖాళీగా వెళ్తుంది, అడిగి చూడండి. కానీ పాలను గంటల్లోనే 4 డిగ్రీలకు చల్లార్చాలి కాబట్టి ఊరి దగ్గర్లోనే కూలింగ్ సెంటర్ ఉండి తీరాలి. అందుకే నా ఓటు హబ్‌కే.

లెక్కల_బాబాయ్: ఆయన అడిగింది పాల గురించి కాదు సామీ. పాల బండిలా వరసగా ఆగుతూ పోయే పద్ధతిని మిల్క్ రన్ అంటారు. సీసా విరిగిపోదు కాబట్టి... సారీ, విరిగిపోతుంది, పులిసిపోదు.

అబ్బాయ్, రెండు సంగతులు చెప్పు. కొట్టు దగ్గర ఎంతసేపు ఆగుతారు? బండిలో ఎన్ని క్రేట్లు పడతాయి, ఎన్ని వెళ్తున్నాయి?

ఒంగోలు_ఏజెన్సీ: 300 పడతాయి, 220 వెళ్తాయి. ఆగేది 18 నిమిషాల దాకా. చుట్టు మొత్తం 210 కిలోమీటర్లు.

లెక్కల_బాబాయ్: గంటకు 35 చొప్పున 210 కిలోమీటర్లకు 6 గంటలు. 22 చోట్ల 18 నిమిషాలంటే 6 గంటల 36 నిమిషాలు. రోడ్డు మీద కంటే కొట్ల ముందే ఎక్కువసేపు ఉంటున్నారు. బండిలో 80 క్రేట్ల చోటు మిగిలినా పొద్దు చాలట్లేదు. బండి నిండాక కొట్లు మిగిలితే పెద్ద బండి కొనాలి. నీకు నిండకముందే పొద్దుపోతోంది కాబట్టి ఆ నిమిషాలు తగ్గించాలి, లేదా పని ఇద్దరు పంచుకోవాలి. ఆ పంచుకోవడానికే హబ్. డీజిల్ తర్వాతి మాట.

దర్శి_డ్రైవర్: 18 నిమిషాలూ కూర్చుని టీ తాగుతున్నామనుకున్నారా? ఒక్కో సీసా మూతి మీద వేలు తిప్పి చూడాలి. అంచున పెచ్చు ఊడినా ప్లాంటువాళ్ళు పక్కన పెట్టేస్తారు. క్రేటుకు 24 సీసాలు. ఒకసారి చూడకుండా ఎత్తుకొచ్చానని ఓనరు 11 సీసాల డబ్బు నా జీతంలో కోశాడు. ఆఫీసులో కూర్చుని లెక్కలేస్తే ఇవన్నీ ఎలా తెలుస్తాయి?

లెక్కల_బాబాయ్: కోపమెందుకయ్యా, నీ మాటే హబ్‌కు అడ్డం. ఖాళీ కొట్టు దగ్గర ఎక్కుతుంది, పొదిలిలో దిగుతుంది, మళ్ళీ పెద్ద బండెక్కుతుంది. పెచ్చూడిన సీసా ఎవరి చేతిలో దెబ్బతిందో తేలదు. ప్రతి చేతి మార్పిడికీ సంతకం లేకపోతే నెల తిరిగేసరికి తగాదా వస్తుంది. అందుకే ముందు కొట్టువాళ్ళతో ముందురోజు సాయంత్రమే ఖాళీలు 24 చొప్పున సర్దించి, విరిగినవి విడిగా పెట్టించు. 18 నిమిషాలు 11కు దిగితే 154 నిమిషాలు మిగులుతాయి. అది చాలకపోతేనే హబ్.

హబ్ పెట్టినా కందుకూరు, సింగరాయకొండ పొదిలికి తగిలించకు. సింగరాయకొండ హైవే పక్కనే ఉంది, కందుకూరు అక్కడికి దగ్గరే, ఒంగోలు నుంచి నేరుగా పోవచ్చు. పొదిలి కింద కనిగిరి, పామూరు చాలు.

కొండపి_కుర్రోడు: మా ఊరికి వారం నుంచి బండే రాలేదు, దానికి ఏ హబ్ పెడతారు?

దర్శి_డ్రైవర్: సర్దించడం సరే, వేసవిలో కొట్టువాడికి ఎక్కడ తీరిక? పైగా సర్దిన క్రేటని నమ్మి లోపల వేలు పెట్టకపోతే మళ్ళీ నా జీతమే. ఓనరుగారూ, నిజం చెప్పండి. హబ్ వద్దనడానికి కారణం డీజిలా?

ఒంగోలు_ఏజెన్సీ: నేను హబ్ వద్దనలేదన్నా, భయపడుతున్నా. మా డ్రైవరే కొట్ల దగ్గర డబ్బు వసూలు చేసి బాకీలు రాసుకుంటాడు. పొదిలిలో మనిషిని కూర్చోబెడితే ఆ బాకీ పుస్తకం అతని చేతికి పోతుంది. రెండేళ్ళకు కొట్లన్నీ అతనివే. ఆ మనిషి మా తమ్ముడి బావమరిది.

లెక్కల_బాబాయ్: అదీ సంగతి! ఇది ముందే చెప్పుంటే అన్ని లెక్కలు వేయించేవాడివి కాదుగా. గోడౌన్ మనిషికి క్రేట్ల చీటీ మాత్రమే ఇవ్వు, బాకీలూ వసూళ్ళూ నీ ఫోన్‌లోనే పెట్టుకో.

దర్శి_డ్రైవర్: బావమరిది ఒప్పుకోడు.

ఒంగోలు_ఏజెన్సీ: తమ్ముడూ ఒప్పుకోడు. సోమవారం నుంచి పామూరులో నాలుగు కొట్లకు ఖాళీలు సర్దమని చెప్పాను. ఎన్ని నిమిషాలు తగ్గాయో వచ్చి చెప్తా.

పాలకేంద్రం_కనిగిరి: మా బండి ఆఫర్ ఇప్పటికీ ఉంది.